పెళ్లి నగల బడ్జెట్: తూకం, పనితనం, తిరిగి వచ్చే విలువ

కిందటి వేసవి సెలవుల్లో మా పాత విద్యార్థిని తల్లి ఒకామె మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక నగల పెట్టె, మడతలు పడిన ఒక బిల్లు. ఆరేళ్ల క్రితం కూతురి నికాహ్‌కు కొన్న హారం అది. కొనేరోజు షాపులో తూకం వేసి "నాలుగు తులాలమ్మా" అన్నారట. ఇంట్లో అందరికీ అదే గుర్తు. అల్లుడికి ఆటో ప్రమాదం జరిగి డబ్బు అవసరపడితే అమ్మడానికి తీసుకువెళ్లారు. అక్కడ తూచి, రాళ్లు లెక్కకట్టి, బంగారం 31 గ్రాములే అన్నారట.

"తొమ్మిది గ్రాములు ఎవరు తిన్నారు మాస్టారూ?" అని అడిగింది ఆమె.

బిల్లు విప్పి చూశాను. మొత్తం బరువు 40.200 గ్రాములు, రాళ్ల బరువు 9.100, నికర బరువు 31.100 అని స్పష్టంగా అచ్చయి ఉంది. ఎవరూ ఏమీ తినలేదు. కొన్నప్పుడూ బంగారం 31 గ్రాములే, అమ్మినప్పుడూ 31 గ్రాములే. అయితే ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఎవరూ దాన్ని చదవలేదు, చదివి చెప్పమని ఎవరినీ అడగలేదు. నాలుగు తులాలు ఉన్నాయనే ధీమాతో ఆరేళ్లు గడిపారు.

ప్రతి ఏడూ మన సంఘం సభ్యుల్లో చాలామంది ఏదో ఒక ఆడపిల్ల పెళ్లికి చేయూతనిస్తున్నారు. ఆ సాయంలో పెద్ద భాగం చివరికి నగల షాపులోనే ఖర్చవుతుంది. కనుక ఆ డబ్బులో ఎంత బంగారంగా నిలుస్తుంది, ఎంత ఖర్చుగా పోతుంది అన్నది ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ తెలియడం మంచిది.

బిల్లులో ఏమేమి ఉంటాయి

నగ బిల్లులో నాలుగు ముక్కలు ఉంటాయి. మొదటిది నికర బంగారం విలువ. అంటే రాళ్లు, పూసలు, లక్క తీసేయగా మిగిలిన బరువును ఆనాటి రేటుతో గుణిస్తే వచ్చేది. రెండోది తరుగు, మజూరీ. ఈ రెంటినీ కలిపి ఇప్పుడు చాలా షాపుల్లో వీ.ఏ. అని శాతంలో వేస్తున్నారు. మూడోది రాళ్ల ఖరీదు. నాలుగోది 3 శాతం జీఎస్టీ. ఇవిగాక హాల్‌మార్క్ రుసుము ఉంటుంది గానీ, నగకు కొన్ని పదుల రూపాయలే కనుక దాన్ని పక్కన పెడదాం.

ఈ నాలుగింటిలో అమ్మేరోజున తిరిగి వచ్చేది మొదటిది ఒక్కటే. తరుగు రాదు, జీఎస్టీ రాదు. మామూలు రంగురాళ్లు, తెల్లరాళ్లు కొన్నప్పుడు వేలల్లో ఉంటాయి, అమ్మినప్పుడు వాటిని ఊడదీసి పక్కన పెడతారు. మొదటి దానిలోనూ, నగదు ఇచ్చే షాపులు కరిగింపు కింద కొంత కోత వేస్తాయి. అదే షాపులో పాత నగ ఇచ్చి కొత్తది తీసుకుంటే ఈ కోత తక్కువగానో, అసలు లేకుండానో ఉండవచ్చు. కానీ కొత్త నగకు మళ్లీ తరుగు, మళ్లీ జీఎస్టీ కట్టాలి.

తరుగు అన్ని నగలకూ ఒకటి కాదు. మెషీను మీద చేసిన సాదా గొలుసుకో గాజుకో తక్కువ ఉంటుంది. చేతిపని ఎక్కువైన కొద్దీ పెరుగుతుంది. నక్షీ పని, రాళ్లు పొదిగిన పని అయితే సాదా నగకు రెండింతలు, అంతకు మించి కూడా వేస్తారు. దీన్ని మోసం అనలేము. పనివాడి రోజులు ఆ నగలో ఉన్నాయి, ఆ కూలి అతనికి అందాలి. అయితే ఆ కూలి మనం కట్టే ఖర్చు. అది మనం దాచుకునే సొమ్ము కాదన్న సంగతి కొనేటప్పుడే తెలిసి ఉండాలి.

ఒక కుటుంబం లెక్క

ఈ ఏడాది మొదట్లో ఒక టైలరు కుటుంబంతో కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. సొంత పొదుపు, మేనమామ ఇచ్చింది, దాతల సాయం అన్నీ కలిపి నగల కోసం వాళ్ల దగ్గర 4 లక్షల రూపాయలున్నాయి. బంగారం రేటు రోజూ మారుతుంది కనుక ఇక్కడ లెక్క సులువుగా ఉండేందుకు 22 క్యారెట్ల గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. మీరు కొనే రోజున ఉన్న రేటు వేసుకుని ఇదే లెక్క చేసుకోవచ్చు.

పెళ్లికూతురి తల్లికి ఒక నెక్లెస్, దానికి జోడైన కమ్మల సెట్టు నచ్చింది. ఎర్రరాళ్లు, పచ్చరాళ్లు పొదిగిన సెట్టు. మొత్తం తూకం 32 గ్రాములు, అందులో రాళ్లూ పూసలూ 5 గ్రాములు, నికరం 27 గ్రాములు. బంగారం విలువ 2,70,000. తరుగు 18 శాతం చొప్పున 48,600. రాళ్లకు 14,000. ఈ మూడూ కలిపి 3,32,600. దానిపై జీఎస్టీ 9,978. చెల్లించవలసింది 3,42,578 రూపాయలు.

దీనికి తోడు 3 గ్రాముల ఉంగరం ఒకటి అనుకున్నారు. తరుగు 10 శాతం, జీఎస్టీతో 33,990. రెండూ కలిపి 3,76,568 ఖర్చు, ఇంటికి వచ్చే నికర బంగారం 30 గ్రాములు. కరిగింపు కోత 3 శాతం అనుకుంటే, అదే రేటుకు మర్నాడే అమ్మినా వచ్చేది 2,91,000. అంటే షాపు గడప దాటేలోపే 85,568 రూపాయలు తగ్గిపోయాయి.

ఈ లెక్క చూసి ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే పెళ్లిలో మా పిల్ల మెడ బోసిగా ఉండాలా మాస్టారూ?" అంది. ఆ మాట న్యాయమైనదే. బడ్జెట్ అంటే పిల్ల సరదాను కొట్టేయడం కాదు గదా. అందుకని అడిగాను: "ఆపా, ఈ నెక్లెస్ పెళ్లయ్యాక ఏడాదికి ఎన్నిసార్లు వేసుకుంటుంది?" "రెండుసార్లు... ఈదుకు, ఎవరిదైనా పెళ్లికి" అంది. "గాజులు?" "అవి రోజూ ఉంటాయి చేతికి."

అక్కడి నుంచి రెండో లెక్క మొదలైంది. రోజూ వేసుకునేవి, అవసరానికి పనికొచ్చేవి బంగారంలో తీసుకోవాలి. వేదిక మీద రెండు రోజులు మెరవాల్సినది వేరే దారిలో తేవాలి. మన జిల్లాలలో ఆ దారికి లోటు లేదు. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో తయారయ్యే రోల్డ్ గోల్డ్ నగలు ఎన్నో ఏళ్లుగా ఊరూరికీ వెళుతున్నాయి. వన్ గ్రామ్ గోల్డ్ సెట్లు ప్రతి పట్నంలోనూ దొరుకుతున్నాయి. పెళ్లి ఫొటోలో వాటిని చూసి తేడా చెప్పడం కష్టం.

రెండో లెక్క ఇలా తేలింది. సాదా గాజుల జత 16 గ్రాములు, తరుగు 7 శాతం, జీఎస్టీతో 1,76,336. గొలుసు 8 గ్రాములు, తరుగు 8 శాతం, 88,992. చేతిపని ఉన్న ఝుంకాలు 6 గ్రాములు, తరుగు 14 శాతం, 70,452. ఉంగరం అదే, 33,990. మొత్తం 33 గ్రాములకు 3,69,770 రూపాయలు. మెడకు వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు 6,000. చేతిలో ఇంకా 24,230 మిగిలింది.

అదే 3 శాతం కోతతో ఈ 33 గ్రాములు అమ్మితే 3,20,100 వస్తుంది. వన్ గ్రామ్ సెట్టుకు పెట్టిన 6,000 పూర్తిగా ఖర్చే అనుకున్నా తగ్గేది 55,670. మొదటి పద్ధతి కన్నా ఇంచుమించు 30 వేలు తక్కువ నష్టం, 3 గ్రాములు ఎక్కువ బంగారం. ఝుంకాల దగ్గర మాత్రం పనితనానికి కావాలనే ఎక్కువ తరుగు కట్టాం. అవి పిల్ల తనే ఎంచుకుంది, పండగలకే కాక మామూలు రోజుల్లోనూ పెట్టుకుంటానంది. నచ్చిన పనితనం ఒక నగలో ఉండాలి, అన్నిటిలోనూ అక్కర్లేదు.

డబ్బు లెక్కలో కనిపించని లాభం ఇంకొకటి ఉంది. కష్టకాలంలో ఇంటివాళ్లకు ఒక్కోసారి 50 వేలు కావాలి, ఒక్కోసారి లక్ష కావాలి. మూడు లక్షల నెక్లెస్‌ను ముక్క చేసి అమ్మలేరు. చిన్న అవసరానికి కూడా నగ మొత్తం పోతుంది. అదే విడివిడి నగలైతే ఉంగరమో గొలుసో ఇచ్చి మిగతావి నిలుపుకోవచ్చు. తాకట్టు పెట్టినా అంతే, అక్కడా రాళ్ల బరువు తీసేసి నికర బరువు మీదే లెక్క కడతారు.

షాపులను పోల్చడానికి ఒకే ఒక అంకె

ఒక షాపువాళ్లు "మా దగ్గర తరుగు 10 శాతమే" అంటారు, రాళ్లకు ఎక్కువ వేస్తారు. ఇంకొకరు "మజూరీ లేదు" అంటారు, తరుగులో కలిపేస్తారు. మరొకచోట తరుగును రాళ్లతో కలిపిన మొత్తం బరువు మీద కడతారు. వీటన్నిటినీ విడివిడిగా పోల్చబోతే తల తిరుగుతుంది. అందుకు నేను ఆ కుటుంబానికి ఒక పద్ధతి చెప్పాను. జీఎస్టీతో సహా బిల్లు మొత్తాన్ని నికర గ్రాములతో భాగించండి. అప్పుడు ఒక గ్రాము అసలు బంగారం మనకు ఎంతకు పడిందో తేలుతుంది. దాన్ని బోర్డు మీది రేటు పక్కన పెట్టి చూడండి.

పై లెక్కలో బోర్డు రేటు 10,000 అయితే, గాజుల్లో గ్రాము 11,021కి పడింది. ఝుంకాల్లో 11,742కి పడింది. రాళ్ల సెట్టులో 12,688కి పడింది. ఏ షాపువాళ్లు ఏ పేరుతో వేసినా ఈ అంకెలో అంతా బయటపడుతుంది. ఒకే రకం నగను రెండు మూడు షాపుల్లో ఇలా లెక్కించి చూసి, తర్వాత బేరం మొదలుపెట్టండి. బేరం కుదిరేది కూడా తరుగు దగ్గరే. బంగారం రేటు ఎవరికోసమూ తగ్గదు, తరుగులో మాత్రం అడిగితే ఒకటి రెండు శాతం దిగేవారు ఉంటారు.

ఈ పద్ధతి తిరగేసి కూడా వాడుకోవచ్చు. ఉన్న డబ్బుకు ఎన్ని గ్రాములు వస్తాయో ముందే తెలియాలంటే, సాదా నగలకు బోర్డు రేటు మీద 10 నుంచి 12 శాతం కలిపి దానితో భాగించండి. 4 లక్షలను 10,000తో భాగించి 40 గ్రాములు వస్తాయని వియ్యాలవారికి మాట ఇచ్చేసి, తర్వాత ఆ తేడా కోసం అప్పు చేసిన ఇళ్లు నాకు తెలుసు. ఆ 4 లక్షలకు వచ్చేది ఇంచుమించు 36 గ్రాములే.

గుర్తులు, మినహాయింపులు

22 క్యారెట్ల నగ మీద హాల్‌మార్క్‌లో మూడు గుర్తులు ఉండాలి. బీఐఎస్ త్రికోణపు ముద్ర, 22K916 అన్న స్వచ్ఛత గుర్తు, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల సంఖ్య. ఆ సంఖ్యను హెచ్.యు.ఐ.డి. అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగను ఈ సంఖ్యతోనే అమ్మాలి. ఫోనులో BIS Care యాప్ తెరిచి Verify HUID దగ్గర ఆ సంఖ్య కొడితే అది ఏ రకం నగ, స్వచ్ఛత ఎంత అన్నది కనిపిస్తుంది. చేతిలో ఉన్నది గాజు అయి, యాప్‌లో ఉంగరం అని వస్తే అక్కడే ఆగిపోవాలి.

హాల్‌మార్క్ చెప్పేది స్వచ్ఛత గురించే. నికర బరువు ఎంత, రాళ్లకు ఎంత వేశారు అన్నది అది చెప్పదు. దానికి బిల్లే ఆధారం. రెండు గ్రాముల లోపు నగలకూ, కుందన్, పోల్కీ, జడావీ పనికీ తప్పనిసరి హాల్‌మార్క్ నుంచి మినహాయింపు ఉంది. మన పెళ్లిళ్లలో జడావీ లచ్ఛా, కుందన్ చింతాక్ వంటివి ఇష్టంగా కొంటారు. ఇవి తరతరాలుగా వచ్చే అందమైన నగలు. కానీ వీటిలో లక్క ఉంటుంది, గుర్తు ఉండకపోవచ్చు, విప్పి తూస్తే తప్ప బంగారం ఎంతో తెలియదు. కనుక కొన్న షాపు తప్ప మరెవరూ సరైన ధర ఇవ్వడం కష్టం. స్తోమత ఉన్నవారు ముచ్చట కోసం కొనుక్కోవచ్చు. దాతల సాయంతో పెళ్లి చేసే ఇంట్లో ఉన్న డబ్బంతా దాని మీద పెట్టకూడదు.

రాళ్ల నగల్లో ఇంకో సంగతి చూసుకోవాలి. కొన్నిటిని రాయి గట్టిగా పట్టేందుకు 18 క్యారెట్లలో చేస్తారు. వాటిపై 750 అని ఉంటుంది. అది తప్పు కాదు, కానీ బిల్లులో రేటు కూడా 18 క్యారెట్లదే పడాలి. రాళ్ల బరువు క్యారెట్లలో రాసి ఉంటే, అయిదు క్యారెట్లు ఒక గ్రాము అని గుర్తుంచుకుంటే నికర బరువు సరిచూసుకోవచ్చు.

కొనే ముందు, కొన్న తర్వాత

షాపుకు వెళ్లకముందే ఇంట్లో ఒక కాగితం మీద రెండు వరుసలు రాయాలి. అబ్బాయి వైపు నుంచి వచ్చేవి ఒక వరుస. లచ్ఛా గానీ నల్లపూసలు గానీ వాళ్లు తెస్తారా, మెహర్‌లో బంగారం ఉందా, అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. నేను చూసిన ఒక పెళ్లిలో రెండు వైపులా నెక్లెస్‌లే తెచ్చారు, చేతికి మాత్రం గాజుగాజులే మిగిలాయి. రెండో వరుసలో ఇంట్లో ఉన్న పాత బంగారం. తల్లి గొలుసు బాగుంటే మెరుగు పెట్టించి అలాగే ఇవ్వడం మేలు. మార్పిడికి ఇస్తే పాతదానిలో కోత, కొత్తదానికి తరుగు, పన్ను అన్నీ పడతాయి. పైగా హాల్‌మార్క్ లేని కాలపు నగలు పరీక్షలో 22 క్యారెట్ల కన్నా తక్కువకు తేలడం మామూలే. ఈ రెండు వరుసల్లో లేనివే కొనాలి.

రేటు పెరుగుతుందనే భయం అందరికీ ఉంటుంది. అందుకే బడ్జెట్‌లో కొంత మిగుల్చుకోవాలి. పై లెక్కలో మిగిలిన 24 వేలు వృథాగా ఉంచలేదు. గ్రాముకు 500 పెరిగినా ఆ కుటుంబం అనుకున్న 33 గ్రాములూ 4 లక్షల లోపే వచ్చేస్తాయి, అప్పుకు పోనక్కర్లేదు.

బిల్లు తప్పనిసరిగా తీసుకోవాలి, వీలైతే పెళ్లికూతురి పేరు మీదే. "బిల్లు లేకుండా అయితే పన్ను మిగులుతుంది" అనే మాట వినకండి. బిల్లు లేని నగకు నికర బరువు రుజువు ఉండదు, స్వచ్ఛతలో తేడా వస్తే అడిగే హక్కు నిలవదు. ఇంకో ముఖ్యమైన కారణం కూడా ఉంది. విడాకుల పరిస్థితి వస్తే, పెళ్లికి ముందూ పెళ్లిలోనూ తర్వాతా తనకు ఇచ్చిన ఆస్తిని తిరిగి పొందే హక్కు ముస్లిం మహిళకు 1986 నాటి చట్టం ఇస్తోంది. అప్పుడు ఏ నగ, ఎంత బరువు, ఎవరిచ్చారు అని చెప్పేది ఆ బిల్లులూ, పెళ్లినాడు రాసుకున్న జాబితానే. నగ పేరు, నికర బరువు, హెచ్.యు.ఐ.డి. సంఖ్య, ఇచ్చినవారి పేరు ఒక కాగితం మీద రాసి, రెండు వైపులవాళ్లూ సంతకం చేసి, ఒక ప్రతి పిల్ల దగ్గర ఉంచాలి.

సాయం చేసే మిత్రులకు ఒక మనవి. నగ రూపంలోనే ఇవ్వదలచుకుంటే రాళ్లు లేని, హాల్‌మార్క్ ఉన్న సాదా గాజో గొలుసో ఇవ్వండి. రాళ్ల నెక్లెస్ ఇచ్చినప్పుడు మీ చేయి పెద్దదిగా కనిపిస్తుంది, పిల్ల చేతిలో నిలిచేది తక్కువ. నగదు ఇస్తే, షాపుకు వెళ్లే రోజున ఆ ఇంటివాళ్లతో లెక్క తెలిసిన ఒకరిని పంపండి. పెద్ద చదువేమీ అక్కర్లేదు, భాగహారం వస్తే చాలు.

టైలరు గారి అమ్మాయి పెళ్లి అయిపోయింది. వలీమా నాడు వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచి, పిల్ల మెడలోని వన్ గ్రామ్ సెట్టును చూసి వియ్యపురాలు "ఎన్ని తులాలు?" అని అడిగిందని చెప్పింది. "మీరేమన్నారు?" అన్నాను. "అది అలంకారం, తులాలు చేతికున్నాయి అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. బిల్లులు కూడా చూపించాను" అంది. ఆ బిల్లులు ఇప్పుడు పిల్ల దగ్గరే ఉన్నాయి. ఎంత బంగారం ఉందో ఆ అమ్మాయికి గ్రాములతో సహా నోటికి వచ్చు.